ఈఎంఐలన్నీ కట్టాం, అయినా లోన్ బ్యాలెన్స్‌లో 69,905 తేడా. ఎక్కడిది?

గూడెం_శానిటరీ
మాది తాడేపల్లిగూడెంలో పైపులు, శానిటరీ సామాను షాపు. పోయిన ఏప్రిల్ 5న డెలివరీల కోసం చిన్న గూడ్స్ బండి తీసుకున్నాం. లోన్ ఆరు లక్షలు, 36 నెలలు, నెలకు 19,929. మే 5 నుంచి మార్చి 5 దాకా 11 కిస్తులు వెళ్లాయి, ఒక్కటి కూడా బౌన్స్ కాలేదు. ఇప్పుడు ఇయర్ ఎండింగ్‌కి ఆడిటర్ గారు ఫైనాన్స్ వాళ్ల స్టేట్‌మెంట్ తెమ్మన్నారు, తెచ్చాను. మార్చి 31కి ఇంకా 4,38,886 బాకీ అని ఉంది. మా టాలీలో చూస్తే 3,68,981. అంటే 69,905 తేడా. ఫోన్ చేస్తే "సిస్టమ్‌లో అంతే చూపిస్తోంది సార్" అని పెట్టేశారు. లెక్కలు రాసే కుర్రాడు జనవరిలో మానేశాడు, ఇప్పుడు వాడు ఫోన్ ఎత్తట్లేదు. మమ్మల్ని ఏమన్నా మోసం చేస్తున్నారా వీళ్లు?

ట్రాక్టర్_రాయుడు
మోసమే, సందేహం ఎందుకు. మా ట్రాక్టర్ లోన్‌కి కూడా ఏడాదంతా కట్టినా అసలు కదలలేదు. వీళ్లందరూ ముందు వడ్డీ లాగేసుకుంటారు.

లెడ్జర్_లక్ష్మి
రాయుడు గారూ, కాస్త ఆగండి. గూడెం గారూ, కిస్తు వెళ్లినప్పుడు టాలీలో ఏ ఎంట్రీ వేశారో చెప్పండి. ఒక్క నెలది చాలు.

గూడెం_శానిటరీ
ఇప్పుడే తీసి చూశా. పేమెంట్ వోచర్, "వెహికల్ లోన్" డెబిట్ 19,929, బ్యాంక్ క్రెడిట్ 19,929. అన్ని నెలలూ అంతే.

లెడ్జర్_లక్ష్మి
అనుకున్నదే. మీరు కట్టింది మొత్తం అసలులోంచే తగ్గించుకుంటూ పోయారు. వడ్డీ అనే ఖర్చు మీ పుస్తకాల్లో పుట్టనే లేదు. ఫైనాన్స్ వాళ్లు ప్రతి కిస్తులో ముందు ఆ నెల వడ్డీ తీసుకుని, మిగిలింది మాత్రమే అసలుకి జమ వేస్తారు. తేడాలో ఎక్కువ భాగం అదే. మీ లాభనష్టాల ఖాతాలో లాభం కూడా అంతమేర ఎక్కువ కనిపిస్తుంటుంది, అంటే లేని లాభానికి పన్ను కట్టబోతున్నారు.

కూకట్‌పల్లి_కిరణ్
ఇది సింపుల్ బ్రో. మొత్తం కట్టేది 19,929 × 36 = 7,17,444. అందులో ఆరు లక్షలు అసలు, మిగతా 1,17,444 వడ్డీ. 36తో భాగిస్తే నెలకు 3,262. ప్రతి కిస్తులో 3,262 వడ్డీకి, మిగిలింది లోన్‌కి వేసేయ్. అయిపోయింది. దీనికి షెడ్యూల్ గిడ్యూల్ అక్కర్లేదు.

గూడెం_శానిటరీ
కిరణ్ అన్నా, నీ లెక్క ప్రకారం 11 నెలలకి 35,886 అవుతుంది. నా తేడా 69,905. ఇంకా 34 వేలు ఎక్కడ?

కూకట్‌పల్లి_కిరణ్
అదే వాళ్లు కొట్టేసింది 😄

లెడ్జర్_లక్ష్మి
కిరణ్, నీ మొత్తం వడ్డీ లెక్క కరెక్టే. 36 నెలలు పూర్తయ్యాక కట్టిన వడ్డీ 1,17,444 చుట్టూనే ఉంటుంది. కానీ అది నెలనెలా సమానంగా పడదు. వడ్డీ వేసేది ఆ రోజు బాకీ ఉన్న అసలు మీద. మొదటి నెల ఆరు లక్షల మీద వేస్తారు, చివరి నెల ఇరవై వేల లోపు మీద వేస్తారు. రెండింటికీ 3,262 ఎలా అవుతుంది?

గూడెం గారూ, మీ అగ్రిమెంట్‌లో వడ్డీ రేటు ఎంత?

గూడెం_శానిటరీ
షోరూంలో ఆరున్నర శాతం అన్నారు మేడమ్. అగ్రిమెంట్ ఇరవై పేజీలుంది, చిన్న అక్షరాలు, వెతకాలి.

టాలీ_తాతయ్య
వెతకనక్కర్లేదు నాయనా. కిస్తు, నెలలు, లోను తెలిస్తే రేటు అదే బయటపడుతుంది. ఎక్సెల్‌లో ఇది కొట్టి చూడు:

```
=RATE(36,-19929,600000)*12
```

12 శాతం వస్తుంది. షోరూం వాడు చెప్పిన ఆరున్నర ఫ్లాట్ రేటు. ఫ్లాట్ అంటే మూడేళ్లూ ఆరు లక్షల మీదే వడ్డీ లెక్క, నువ్వు అసలు తీర్చేస్తున్నా సరే. ఆరు లక్షల మీద ఆరున్నర చొప్పున మూడేళ్లకి 1,17,000, అది కలిపి 36తో భాగిస్తే 19,917. నీ కిస్తు దగ్గరికి వచ్చేసింది చూశావా. రెండూ ఒకటే లోను, పేరు మాత్రం చవగ్గా వినిపించేలా చెబుతారు. నేను ముప్పై ఏళ్లుగా ఈ షోరూం పలుకులు వింటున్నాను, ఒక్కడు కూడా తగ్గే బాకీ మీద రేటు తనంతట తాను చెప్పలేదు.

ట్రాక్టర్_రాయుడు
చూశారా, మోసమే అన్నానా లేదా!

లెడ్జర్_లక్ష్మి
అది అమ్మేవాళ్ల మాటకారితనం రాయుడు గారూ, స్టేట్‌మెంట్‌లో తప్పు మాత్రం కాదు. నెలకు ఒక శాతం చొప్పున మొదటి మూడు కిస్తులు చేతితో వేద్దాం, మీకే తెలుస్తుంది.

మే 5: బాకీ 6,00,000. ఒక శాతం 6,000 వడ్డీ. కట్టింది 19,929, అందులో 6,000 పోగా 13,929 అసలు. కొత్త బాకీ 5,86,071.

జూన్ 5: 5,86,071 మీద వడ్డీ 5,861. అసలుకి 14,068. బాకీ 5,72,003.

జులై 5: వడ్డీ 5,720. అసలుకి 14,209. బాకీ 5,57,794.

కిస్తు మారలేదు కానీ లోపల వడ్డీ తగ్గుతూ అసలు పెరుగుతోంది. ఇలాగే మార్చి దాకా లాగితే 11 కిస్తులు కలిపి కట్టింది 2,19,219. అందులో వడ్డీ 58,105, అసలు 1,61,114. ఆరు లక్షల్లోంచి 1,61,114 తీసేస్తే 4,38,886. స్టేట్‌మెంట్‌లో ఉన్నది సరిగ్గా అదే కదా?

గూడెం_శానిటరీ
అబ్బ, రూపాయితో సహా అదే! అయితే ఫైనాన్స్ వాళ్లు కరెక్టే. కానీ మేడమ్, నా తేడా 69,905. వడ్డీ 58,105 అంటే ఇంకా 11,800 మిగిలింది.

కూకట్‌పల్లి_కిరణ్
ఒప్పుకున్నా, నాది తప్పు దారి. నా లెక్కలో మిగిలిన 34 వేలకి ఏ అర్థమూ లేదు. ఈ 11,800 మాత్రం ఎక్కడో చూసిన నంబర్‌లా ఉంది.

టాలీ_తాతయ్య
పదివేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ప్రాసెసింగ్ ఫీజు నాయనా! లోన్ వచ్చిన రోజు ఎంట్రీ చూడు.

గూడెం_శానిటరీ
తాతయ్యా, దండం. ఏప్రిల్ 5న "బ్యాంక్ డెబిట్ 5,88,200, వెహికల్ లోన్ క్రెడిట్ 5,88,200". అకౌంట్‌లో పడింది అంతే, కుర్రాడు అంతే వేశాడు.

లెడ్జర్_లక్ష్మి
చేతికి వచ్చింది 5,88,200 అయినా తీర్చాల్సింది ఆరు లక్షలు. లోన్ లెడ్జర్ ఆరు లక్షలతోనే మొదలవ్వాలి. పట్టుకున్న 11,800 మీరు వాళ్లకి కట్టినట్టే లెక్క.

ఎప్పుడైనా ఇలా తేడా వస్తే నేను మొదట చూసేది ఒకటే, ఆ తేడా నెలనెలా పెరుగుతోందా, లేక మొదటి రోజు నుంచి అలాగే కదలకుండా ఉందా. పెరుగుతుంటే వడ్డీ విడదీయలేదని అర్థం. కదలకుండా ఉంటే ఓపెనింగ్ తప్పు. గూడెం గారి దాంట్లో రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి కాబట్టి అంతు చిక్కలేదు.

మణికొండ_మహి
నా హోమ్ లోన్ 20 ఏళ్లు. ఇప్పుడు రెండు లక్షలు చేతిలో ఉన్నాయి, ముందే కడితే ఈఎంఐ తగ్గించుకోవాలా, నెలలు తగ్గించుకోవాలా?

టాలీ_తాతయ్య
అమ్మా, ఇక్కడ పుస్తకాల్లో ఎలా రాయాలో మాట్లాడుకుంటున్నాం. అయినా అడిగావు కాబట్టి, వడ్డీ ఎక్కువ మిగలాలంటే నెలలు తగ్గించుకో.

గూడెం_శానిటరీ
సరే, ఇప్పుడు సరిచేయడం ఎలా? 11 వోచర్లూ తెరిచి మార్చాలా? ఆ నెలల బ్యాంక్ రీకన్సిలియేషన్ అంతా అయిపోయింది.

లెడ్జర్_లక్ష్మి
వోచర్లు ముట్టుకోకండి, బ్యాంక్ వైపు అంతా సరిగ్గానే ఉంది. మార్చి 31 తేదీతో రెండు జర్నల్స్ వేస్తే చాలు, ఎఫ్7:

```
వాహన రుణంపై వడ్డీ      డెబిట్   58,105
  వెహికల్ లోన్           క్రెడిట్  58,105

ప్రాసెసింగ్ ఛార్జీలు     డెబిట్   10,000
ఇన్‌పుట్ జీఎస్టీ          డెబిట్    1,800
  వెహికల్ లోన్           క్రెడిట్  11,800
```

3,68,981కి ఈ రెండూ కలిపితే 4,38,886. వడ్డీ లెడ్జర్ ఇన్‌డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ కింద పెట్టండి. ఆ 1,800 క్రెడిట్ తీసుకునే ముందు ఫైనాన్స్ వాళ్లు మీ జీఎస్టీ నంబర్‌తో ఇన్‌వాయిస్ ఇచ్చారో లేదో, అది 2బీలో కనిపిస్తోందో లేదో చూసుకోండి. లేకపోతే 11,800 మొత్తం ఖర్చులోకే.

ఏప్రిల్ నుంచి మాత్రం నెలనెలా విడదీసే వేయండి. ఏప్రిల్ 5 కిస్తులో వడ్డీ 4,389, అసలు 15,540.

బెజవాడ_ఆర్టికల్
సీఏ ఫైనల్ చదువుతున్నా అక్కా, ఒక డౌట్. ప్రాసెసింగ్ ఫీజు మొత్తం ఈ ఏడాదే ఖర్చు రాసేయొచ్చా? లోన్ మూడేళ్లకి కదా, దాన్ని కూడా 36 నెలలకి పరచాలి అని మా క్లాసులో చెప్పారు.

లెడ్జర్_లక్ష్మి
పుస్తకం ప్రకారం నీ మాట సరైనదే, లోన్ తెచ్చుకోవడానికి అయిన ఖర్చు లోన్ కాలానికి పరచాలి. కానీ పదివేల కోసం ఓ ప్రొప్రైటరీ షాపులో మూడేళ్ల పాటు ఇంకో లెడ్జర్ నడిపించడం నాకు ఇష్టం ఉండదు. నేనైతే ఈ ఏడాదే రాసేస్తాను.

టాలీ_తాతయ్య
నేను ఒప్పుకోను. ఈ రోజు పదివేలు, రేపు ఇంకో బండికి ఇరవై వేలు. ఒకసారి వదిలేస్తే అదే అలవాటవుతుంది. గూడెం, మీ ఆడిటర్ ఏమంటే అది చెయ్యి, మా ఇద్దరి గొడవ మాకుంది.

పైగా ఆ ఫీజు కూడా కలిపితే నీకు పడిన అసలు రేటు ఎంతో చూసుకో. RATEలో 600000 బదులు 588200 పెట్టు. 13.4 దాకా వస్తుంది. ఆరున్నర అన్నాడు కదూ!

గూడెం_శానిటరీ
😐 చూశా. వచ్చింది. మా ఆవిడకి చెప్పను.

కూకట్‌పల్లి_కిరణ్
దీని కోసమే కదా ఆర్‌బీఐ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ పెట్టింది. 2024 అక్టోబర్ 1 నుంచి రిటైల్, ఎంఎస్ఎంఈ టర్మ్ లోన్లకి అది ఇవ్వాలి. ఫీజులు కలిపిన ఏడాది రేటు, కిస్తులవారీ షెడ్యూల్ రెండూ అందులో ఉంటాయి. నీ దగ్గర ఉండే ఉంటుంది చూడు.

గూడెం_శానిటరీ
ఉంది! అగ్రిమెంట్ వెనక పిన్ కొట్టి ఉంది. 36 వరుసలు. ఇన్నాళ్లూ ఇన్సూరెన్స్ కాగితం అనుకున్నా.

పాలకొల్లు_ఫ్యాన్సీ
ఇంత తలనొప్పి ఎందుకండీ. మా ఆటో లోన్‌కి మా గుమస్తా నెలకి కట్టిన మొత్తం "వాహన ఖర్చులు"లో వేసేస్తాడు. ఖర్చు ఎక్కువ కనిపిస్తుంది, పన్ను తగ్గుతుంది. ఎవరూ ఏమీ అనలేదు ఇప్పటిదాకా.

లెడ్జర్_లక్ష్మి
ఎవరూ చూడలేదు కాబట్టి అనలేదు. బండి ఖరీదు ఆస్తిగా పెట్టి దాని మీద ఏటా 15 శాతం తరుగుదల తీసుకుంటున్నారా లేదా? తీసుకుంటే బండి ఖర్చు ఒకసారి తరుగుదలగా, ఇంకోసారి అసలు కిస్తుగా రెండుసార్లు రాసినట్టు. అసలు తీర్చడం ఖర్చు కాదు, అప్పు తగ్గడం. గూడెం గారికి ఖర్చు తక్కువ పడింది, మీకు ఎక్కువ పడుతోంది. పైగా మీ బ్యాలెన్స్ షీట్‌లో ఆటో లోన్ తీసుకున్న మొత్తం దగ్గరే ఆగిపోయి ఉంటుంది, చూడండి.

పాలకొల్లు_ఫ్యాన్సీ
...నిజమే, రెండేళ్లుగా అదే అంకె ఉంది. అయినా మేం 44ఏడీలో వేస్తాం, టర్నోవర్ మీద శాతం చూపిస్తాం. ఈ వడ్డీ లెక్కలతో మాకేం పని?

కూకట్‌పల్లి_కిరణ్
44ఏడీ అయితే పన్నుకి పని లేదు, అందులో వడ్డీ విడిగా తీసేది ఉండదు. కానీ అప్పుడు గుమస్తా తగ్గించిన పన్ను ఏంటి మరి? 😂 రేపు బ్యాంకులో ఓడీ లిమిట్ అడిగితే మాత్రం ఆ బ్యాలెన్స్ షీట్ చూసే ఇస్తారు.

బెజవాడ_ఆర్టికల్
ఇంకొకటి. మార్చి 5 తర్వాత మార్చి 31 దాకా 26 రోజుల వడ్డీ ఉంటుంది కదా. అది రాయరా? ఏప్రిల్ 5న కట్టే 4,389లో ఆ 26 రోజుల వాటా పాత ఏడాదిది.

లెడ్జర్_లక్ష్మి
రాయాలి, మంచి పాయింట్. 4,389ని 31తో భాగించి 26తో గుణిస్తే 3,681. వడ్డీ డెబిట్, "చెల్లించాల్సిన వడ్డీ" క్రెడిట్. లోన్ లెడ్జర్‌కి మాత్రం కలపకండి, ఎందుకంటే స్టేట్‌మెంట్‌లో ప్రిన్సిపల్ అవుట్‌స్టాండింగ్ అని ఉండేది ఒక్క అసలే, కలిపితే మళ్లీ తేడా వస్తుంది. ఏప్రిల్ 1న ఆ 3,681 రివర్స్ చేస్తే ఏప్రిల్ 5 ఎంట్రీ మామూలుగానే వేసుకోవచ్చు.

టాలీ_తాతయ్య
అమ్మాయి పదివేల ఫీజు పరచడానికి ఇష్టపడదు గానీ 3,681కి రెండు జర్నల్స్ వేయిస్తుంది!

లెడ్జర్_లక్ష్మి
తాతయ్యా, ఇది ఐదు రోజుల్లో తిరిగిపోతుంది. మీది మూడేళ్లు వెంటాడుతుంది.

నెల్లూరు_ఎన్‌బీఎఫ్‌సీ
నేను లోన్ ఇచ్చే వైపు ఆపరేషన్స్‌లో చేస్తా, ఒక మాట చెప్పాలి. పైన లక్ష్మి గారు వేసింది నెలకి సరిగ్గా ఒక శాతం అనుకుని. గూడెం గారి లెండర్ అలాగే వేస్తున్నాడు కాబట్టి కలిసింది. అందరూ అలా వేయరు. కొందరు రోజుల లెక్కన వేస్తారు. ఏప్రిల్ 5 నుంచి మే 5కి 30 రోజులు, 365తో భాగిస్తే మొదటి నెల వడ్డీ 6,000 కాదు, 5,918 వస్తుంది. 31 రోజుల నెల అయితే ఇంకాస్త ఎక్కువ. అందుకని ఎక్సెల్‌లో మీరు వేసుకున్న షెడ్యూల్‌ని పరీక్షకి వాడండి, పుస్తకాల్లోకి మాత్రం లెండర్ ఇచ్చిన అంకెలే ఎక్కించండి. ప్రతి నెలా పదుల్లోనో వందల్లోనో అటూ ఇటూ అవుతుంటే భయపడకండి, అది రోజుల తేడా. రోజుల లెక్కకి కూడా కలవకపోతే అడగండి.

ఇంకోటి, చివరి కిస్తు 19,929 ఉండదు. కిస్తుని రూపాయికి రౌండ్ చేస్తాం కాబట్టి మూడేళ్లలో పోగైన పైసలు చివర్లో సర్దుతాం. గూడెం గారికి సుమారు 18 రూపాయలు తగ్గుతుంది. దానికి కూడా మాకు ఫోన్లు వస్తాయి.

ట్రాక్టర్_రాయుడు
నెల్లూరు గారూ, ఒక కిస్తు లేటైతే ఏం చేస్తారు మీరు? మా దాంట్లో పెనాల్టీ మీద కూడా వడ్డీ వేసినట్టుంది.

నెల్లూరు_ఎన్‌బీఎఫ్‌సీ
2024 ఏప్రిల్ నుంచి అలా వేయకూడదు రాయుడు గారూ. లేటుకి పీనల్ ఛార్జీ వేయొచ్చు గానీ దాన్ని అసలులో కలిపి మళ్లీ వడ్డీ లెక్కించకూడదని ఆర్‌బీఐ చెప్పింది. మీ పాత సంవత్సరాల స్టేట్‌మెంట్ అయితే వేరే సంగతి. స్టేట్‌మెంట్‌లో ఛార్జీలు విడి వరుసలో ఉన్నాయో, బాకీలో కలిశాయో చూసి చెప్పండి. పుస్తకాల్లో కూడా దాన్ని లోన్‌కో వడ్డీకో కలపకుండా విడి ఖర్చుగా రాసుకోండి.

ట్రాక్టర్_రాయుడు
స్టేట్‌మెంట్ అడిగితే కదా ఇచ్చేది. రేపు వెళ్తా.

బెజవాడ_ఆర్టికల్
గూడెం గారూ, లోన్ బ్యాంకుదా, ఎన్‌బీఎఫ్‌సీదా? టర్నోవర్ అంతకు ముందు ఏడాది కోటి దాటిందా?

గూడెం_శానిటరీ
ఎన్‌బీఎఫ్‌సీ. టర్నోవర్ కోటీ నలభై. ఎందుకు?

బెజవాడ_ఆర్టికల్
అయితే వడ్డీ మీద 10 శాతం టీడీఎస్ మీరు కట్టాలి. బ్యాంకుకి కట్టే వడ్డీకి మినహాయింపు ఉంది, ఎన్‌బీఎఫ్‌సీకి లేదు. టీడీఎస్ కిస్తు మొత్తం మీద కాదు, వడ్డీ భాగం మీదే. మీరు విడదీయలేదు కాబట్టి ఇది ఎవరికీ కనపడలేదు. 58,105కి 5,810. కట్టకపోతే ఆ వడ్డీ ఖర్చులో 30 శాతం ఒప్పుకోరు.

గూడెం_శానిటరీ
కిస్తు మొత్తం ఆటో డెబిట్‌లో వాళ్లే లాగేసుకుంటున్నారు, నేను పట్టుకునేది ఎక్కడ?

నెల్లూరు_ఎన్‌బీఎఫ్‌సీ
అందరూ అడిగే ప్రశ్నే. కిస్తు మొత్తం మాకు వస్తుంది, టీడీఎస్ మీ జేబులోంచి గవర్నమెంటుకి కట్టి, ఫామ్ 16ఏ మాకు పంపితే ఆ డబ్బు మీకు తిరిగి వేస్తాం. చెప్పినంత తేలిగ్గా వేస్తారని మాత్రం నేను హామీ ఇవ్వలేను, ఒక్కో కంపెనీ ఒక్కోలా. టాలీలో ఆ 5,810ని ఖర్చులో వేయకండి, ఫైనాన్స్ కంపెనీ నుంచి రావాల్సిన బాకీగా పెట్టండి.

లెడ్జర్_లక్ష్మి
ఆలస్యంగా కడితే వడ్డీ కూడా పడుతుంది. లెండర్ ఆ ఆదాయం చూపించి పన్ను కట్టాడని సీఏ సర్టిఫికెట్ తెచ్చుకునే దారి ఒకటుంది, కానీ ఈ మొత్తానికి సర్టిఫికెట్ ఖర్చే ఎక్కువ కావచ్చు. మీ ఆడిటర్‌తో ఇది ముందు మాట్లాడండి, జర్నల్స్ తర్వాత.

గూడెం_శానిటరీ
జర్నల్స్ వేసేశా, లోన్ బ్యాలెన్స్ 4,38,886 చూపిస్తోంది. టీడీఎస్ సంగతి రేపు ఆడిటర్ గారి దగ్గర తేలాలి. లాభం వడ్డీకే 58 వేలు తగ్గింది, అదొక్కటే ఆనందం. మానేసిన కుర్రాడి స్థానంలో ఎవరైనా ఉంటే చెప్పండి, గూడెంలోనే, టాలీ తెలిసినవాళ్లు.

పాలకొల్లు_ఫ్యాన్సీ
మా గుమస్తాని పంపనా? 😄

టాలీ_తాతయ్య
వద్దు.

మణికొండ_మహి
తాతయ్య గారూ, నెలలు తగ్గించుకోమన్నారు కదా. బ్యాంకు వాళ్లు రెండు నెలల కిందట రేటు కూడా మార్చారు, పాత షెడ్యూల్ పనికిరాదా అయితే?

నెల్లూరు_ఎన్‌బీఎఫ్‌సీ
ఫ్లోటింగ్ రేటు కదా, పనికిరాదు. రేటు మారిన తేదీ నుంచి కొత్త షెడ్యూల్ అడిగి తీసుకోండి. మిగతాది కొత్త థ్రెడ్‌లో పెట్టండి, చెబుతాను.